విండో ఏసీకి వాటం, గోడ, సందు

మన కర్నూలులో గానీ కడపలో గానీ విండో ఏసీలు ఎక్కువగా బిగించేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఎండ 40 డిగ్రీలు దాటగానే షాపులో ఏసీ కొంటారు, సాయంత్రానికి మెకానిక్ వస్తాడు, రాత్రికల్లా గది చల్లబడుతుంది. ఏప్రిల్, మే గడిచిపోతాయి. ఒక్క చుక్క నీరు గదిలో పడదు. బిగింపు బాగా కుదిరిందనే అనుకుంటాం. ఆగస్టు చివరనో సెప్టెంబరులోనో గాలిలో తేమ చేరాక ఏసీ కింద గోడ మీద తడి మరక కనపడుతుంది. కడప వైపయితే అక్టోబరు, నవంబరు వానల దాకా కూడా ఆగుతుంది. అప్పుడు మెకానిక్‌ను పిలిచి, ఏసీ పాడైందని చెబుతాం. చాలా ఇళ్లలో పాడయింది ఏసీ కాదు. దాన్ని కూర్చోబెట్టిన తీరులోనే తప్పుంది. ఆ తప్పు ఏప్రిల్ నుంచీ అక్కడే ఉంది. నీళ్లు లేక బయటపడలేదు, అంతే.

ఏసీలో ముందు వైపు ఒక చల్లని జాలీ ఉంటుంది, కూలింగ్ కాయిల్ అంటారు. గదిలోని గాలి దాని మీదుగా పోతున్నప్పుడు గాలిలోని తేమ నీరై కిందికి కారుతుంది. ఎంత కారుతుందనేది గాలిలో ఎంత తేమ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ కాయిల్ కొద్దిగా చెమ్మగిల్లి ఊరుకుంటుంది. అదే ఏసీ, అదే గదిలో, వానాకాలపు ఉక్కలో అయితే ఒకటిన్నర టన్నుది గంటకు లీటరుకు పైనే నీరు తీయగలదు. సముద్రానికి దగ్గరగా ఉన్న నెల్లూరులోనో మచిలీపట్నంలోనో అయితే బిగించిన రోజే నీళ్లు కారి తప్పు చెప్పేస్తాయి. మనకు ఆ వీలు లేదు. అందుకే రాయలసీమలో ఏసీ బిగించేవాళ్లు ఏప్రిల్‌లోనే సెప్టెంబరును దృష్టిలో పెట్టుకుని పని చెయ్యాలి.

ముందుగా వాటం సంగతి చెబుతాను. ఏసీ వెనక భాగం, అంటే వీధి వైపు భాగం, గది వైపు భాగం కంటే కొంచెం కిందికి ఉండాలి. ఎంత? సుమారుగా ఒక సెంటీమీటరు లోపు. మీ ఏసీతో వచ్చిన పుస్తకంలో కొలత ఇచ్చి ఉంటే అదే పాటించండి. ఇవ్వకపోతే తేలికైన పద్ధతి ఒకటుంది. మేస్త్రీ దగ్గర ఉండే రెండడుగుల రసమట్టం తీసుకోండి. ఏసీ అడుగు రేకు మీద గానీ, అది కూర్చునే ఫ్రేము మీద గానీ గది నుంచి వీధి వైపుకు పొడవుగా పెట్టండి. ముందున్న ప్లాస్టిక్ మూత మీద పెట్టకూడదు, అది ఏ వంపులో ఉంటుందో చెప్పలేం. రసమట్టం వీధి వైపు కొస కింద మామూలు చెక్క పెన్సిలు ఒకటి అడ్డంగా దూర్చండి. పెన్సిలు మందం 7 మిల్లీమీటర్లు ఉంటుంది. అప్పుడు బుడగ సరిగ్గా మధ్యకు వస్తే వాటం కుదిరినట్టే. ఆ తరువాత రసమట్టాన్ని ఎడమ నుంచి కుడికి తిప్పి పెట్టండి. ఆ దిక్కున మాత్రం ఏ వాలూ ఉండకూడదు, బుడగ పెన్సిలు లేకుండానే మధ్యలో నిలవాలి.

నీళ్లు బాగా పోతాయిలే అని వెనక భాగాన్ని రెండంగుళాలు కిందికి దించేవాళ్లు ఉన్నారు. అది కూడా తప్పే. చాలా విండో ఏసీలలో వెనక ఫ్యాను చుట్టూ ఒక రింగు ఉంటుంది. అడుగు రేకులో నిలిచిన కాసిని నీళ్లను ఆ రింగు ఎగజిమ్మి వెనక ఉన్న వేడి కాయిల్ మీద చల్లుతుంది. దాంతో ఆ కాయిల్ చల్లబడి కరెంటు కలిసొస్తుంది. వాటం మరీ ఎక్కువైతే నీళ్లన్నీ వెనక్కి జారి రంధ్రంలోంచి పోతాయి, రింగుకు అందవు. మనలాంటి ఎండ ప్రాంతంలో ఆ కాసిని నీళ్లు కూడా విలువైనవే. వానాకాలంలో ఏసీ వెనక నుంచి నీళ్లు చిందుతున్న చప్పుడు వస్తే భయపడకండి. రింగు తన పని చేస్తున్నదని అర్థం.

ఏప్రిల్‌లో నీళ్లు కారవు కదా, వాటం సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? నీళ్లు మనమే పోయాలి. ముందు ప్లగ్గు సాకెట్లోంచి ఊడదీయండి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు బయటికి రావాలి. ముందు మూత, ఫిల్టరు తీసేయండి. కరెంటు బటన్లు ఉన్న వైపు కాకుండా, దానికి దూరంగా ఉన్న వైపు, కాయిల్ అడుగున ఉండే తొట్టిలోకి చెంబుతో నీళ్లు సన్నగా వంచండి. రింగు కోసం కొంత నీరు లోపల నిలుస్తుంది కాబట్టి మొదటి అరలీటరు బయటికి రాకపోవచ్చు. ఒకటిన్నర, రెండు లీటర్లు మెల్లగా పోసేసరికి వెనక రంధ్రంలోంచి ధార మొదలవ్వాలి. గది వైపు ఒక్క చుక్క రాకూడదు. ధార రాకుండా తొట్టి నిండిపోతుంటే సాధారణంగా రెండే కారణాలు: వాటం తిరగబడి ఉండాలి, లేదా వెనక రంధ్రం మూసుకుపోయి ఉండాలి. మన దగ్గర రెండోది ఎక్కువ. వేసవిలో ఎర్రమట్టి దుమ్మంతా ఆ అడుగు రేకులో చేరి, తొలకరి తేమకు బురదై రంధ్రంలో గట్టిపడుతుంది. కొత్త ఏసీ అయితే ఆ రంధ్రానికి పెట్టిన రబ్బరు బిరడా తీయడం మరిచిపోయి ఉంటారు, అదీ చూడండి.

బయటికి వచ్చిన నీరు ఎక్కడ పడుతుందో కూడా చూసుకోవాలి. రంధ్రానికి చిన్న పైపు తగిలించి గోడకు దూరంగా దించితే మంచిది. పైపు లేకపోతే నీరు బ్రాకెట్ చేతి మీదుగా వెనక్కి పాకి గోడలో దిగిన బోల్టుల దగ్గరకు చేరుతుంది. కొన్నేళ్లకు బోల్టు చుట్టూ తుప్పు రంగు చార, దాని కింద తెల్లగా ఉప్పు పొంగి పెచ్చులూడిన సున్నం కనపడతాయి. ఆ గుర్తు కనపడితే బోల్టు లోపల ఎంత మిగిలి ఉందో బయట నుంచి చెప్పలేం, తీసి చూడాల్సిందే.

ఇక బ్రాకెట్. మన ఊళ్లలో చాలామంది ఏసీ కొనే ముందు కిటికీకి కూలర్ పెట్టుకుని ఉన్నవాళ్లే. కూలర్ కోసం వెల్డింగ్ షాపులో చేయించిన స్టాండు గోడకు ఉండనే ఉంటుంది. దాని మీదే ఏసీ పెట్టెయ్యమంటారు. నేను ఈ ఒక్క పని వద్దని గట్టిగా చెబుతాను. కారణాలున్నాయి. కూలర్ తొట్టిలో నీరు సమంగా నిలవాలి కాబట్టి ఆ స్టాండును సమమట్టంగా చేస్తారు. అంటే ఏసీకి కావలసిన వాటం అందులో పుట్టుకతోనే లేదు. రెండోది తుప్పు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీరు చిందిన ఇనుము పైకి రంగుతో నిండుగా కనపడుతుంది గానీ లోపల పొరలు పొరలుగా లేచి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో వెల్డింగ్ అతుకుల దగ్గర గీకండి. తుప్పు రేకుల్లాగా రాలితే ఆ స్టాండు పాత సామాన్లవాడికి ఇచ్చేయండి.

మూడో కారణం బరువు. ఇది కొంచెం లెక్క కట్టి చూద్దాం. ఒకటిన్నర టన్ను విండో ఏసీ 55 కిలోలు ఉందనుకుందాం, లోతు 28 అంగుళాలు అనుకుందాం. కంప్రెసర్ వెనక వైపు ఉంటుంది కాబట్టి బరువంతా వెనక్కి తూగుతుంది. దాని బరువు కేంద్రం వెనక అంచు నుంచి 12 అంగుళాల దగ్గర ఉందనుకుందాం. గదిలోకి మూడంగుళాలు పొడుచుకు వచ్చేట్టు బిగించాం. గోడ తొమ్మిదంగుళాల ఇటుకది, పూతతో కలిపి పదంగుళాలు. అప్పుడు ఏసీ 15 అంగుళాలు వీధిలోకి ఉంటుంది. బరువు కేంద్రం గోడ అంచుకు మూడంగుళాలే బయట. అదే ఏసీని నాలుగున్నర అంగుళాల గోడలో, పూతతో అయిదంగుళాలు అనుకుంటే, 20 అంగుళాలు బయటికి పోతుంది. బరువు కేంద్రం ఎనిమిదంగుళాలు బయటికి జరుగుతుంది. గోడ సన్నబడేకొద్దీ బరువు బయటికి జరుగుతోందన్నమాట. బలం లేని గోడ మీదే ఎక్కువ లాగుడు పడుతుంది.

ఆ సన్నగోడకే కూలర్ స్టాండు మీద ఏసీ మొత్తం ఆనిందనుకోండి. 55 కిలోలు, ఎనిమిదంగుళాల దూరంలో. స్టాండు గోడకు ఆనే నిలువు కమ్మీ పొడవు ఎనిమిదంగుళాలైతే పై బోల్టులను గోడలోంచి బయటికి లాగే బలం కూడా 55 కిలోలు. ఆ కమ్మీని పదహారంగుళాలకు పెంచితే లాగుడు సగానికి, ఇరవై ఏడున్నర కిలోలకు తగ్గుతుంది. ఇది ఏసీ ఊరికే కూర్చున్నప్పటి సంగతి. సర్వీసుకు వచ్చిన మనిషి వెనక అంచు మీద చెయ్యి ఆనించి 40 కిలోల బరువు మోపాడంటే, పొట్టి కమ్మీ మీద లాగుడు 155 కిలోలకు పోతుంది, పొడుగు కమ్మీ మీద 78 దగ్గర ఆగుతుంది. అందుకే బ్రాకెట్ చేయించేటప్పుడు ఇనుము ఎంత లావని అడగడం కంటే నిలువు కమ్మీ ఎంత పొడుగని అడగండి. ఒకటిన్నర అంగుళం యాంగిల్, 5 మిల్లీమీటర్ల మందం ఉన్నది, దానికి ఏటవాలు ఊతకమ్మీ, గోడ వెంట పదహారంగుళాల నిలువు. ఈ పనికి ఇది సరిపోతుంది. చేతి కమ్మీలకు పెన్సిలంత వాటం వెల్డింగ్‌లోనే పెట్టించండి. తరువాత చెక్కముక్కలు దూర్చి వాటం తెప్పించే పని పెట్టుకోవద్దు. కంప్రెసర్ అదురుకు ఆ ముక్కలు జారిపోతాయి.

బిగించిన తరువాత ప్రతి ఏటా ఒకసారి పెన్సిలు పరీక్ష మళ్లీ చెయ్యండి. బుడగ మధ్యకు రావాలంటే ఈసారి రెండు పెన్సిళ్ల మందం కావలసి వస్తే నీళ్లు ఇంకా బాగా పోతాయని సంతోషించకండి. బ్రాకెట్ వంగుతోంది, లేదా పై బోల్టులు గోడలోంచి జరుగుతున్నాయి. రెండిట్లో ఏదైనా సరే ఏసీని ఆ వారంలోనే కిందికి దించాలి. కింద సందులో పిల్లలు ఆడుకుంటుంటే ఆ రోజే దించాలి.

గోడ విషయానికి వస్తే, మన ప్రాంతంలో గోడలు ఒక్క రకం కాదు. కర్నూలు పాతబస్తీలోనూ, కడప పాత వీధుల్లోనూ, పల్లెల మిద్దెల్లోనూ రాతిగోడలున్నాయి. అడుగున్నర, రెండడుగుల మందం. మందం చూసి బలం అనుకుంటాం. చాలావాటిలో రాళ్లను కలిపింది మట్టే. బయట ఒక వరస రాయి, లోపల ఒక వరస రాయి, మధ్యలో మట్టి, చిన్న రాళ్ల కూరుడు. ఆ గోడలో యాంకర్ బోల్టు వేస్తే అది రాయిలో పడిందా, రాళ్ల మధ్య మట్టిలో పడిందా అన్నది డ్రిల్లు దిగుతున్నప్పుడే తెలుస్తుంది. దుమ్ము తెల్లగానో బూడిద రంగులోనో, ఎండుగా వస్తే రాయి. డ్రిల్లు ఉన్నట్టుండి సులువుగా దిగిపోయి ఎర్రమట్టి రాలితే ఆ రంధ్రం పనికిరాదు. రాయిలో పడినా ఆ రాయి మట్టిలో వదులుగా ఉంటే బోల్టుతో సహా కదులుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు నీటిలో నిలిచిన పాత గోడలైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. వరదకు లోపలి మట్టి కరిగిపోయినా పై సున్నం పూత మాత్రం నిండుగానే కనపడవచ్చు. సుత్తి పిడితో తట్టుతూ పోతే డొల్ల శబ్దం వచ్చే చోట తెలుస్తుంది.

ఇలాంటి గోడకు బోల్టుల మీద నమ్మకం పెట్టకండి. గోడకు ఆవల నుంచి ఈవలకు పొడుగు కమ్మీ దూర్చి, లోపలి వైపు అరచెయ్యంత ఇనుప పలక వేసి నట్టు బిగించే పద్ధతి మేలు. లేదా కిటికీ అడుగు గట్టు మీద ఆనే ఫ్రేము చేయించి, బరువులో ఎక్కువ భాగాన్ని గట్టు మీదికి తేవాలి. తేలికగా ఉండే ఏఏసీ దిమ్మెల గోడలకూ ఇదే మాట. మామూలు యాంకర్ బోల్టు బిగించగానే ఆ దిమ్మె లోపల నలిగిపోతుంది, పట్టు ఉండదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకయితే బ్రాకెట్‌ను అసలు తగిలించవద్దు.

ఒక మాట కడప బండ గురించి. కిటికీ కింద గోడలోంచి కడప బండనో బేతంచెర్ల బండనో బయటికి చాచి, దాని మీదే ఏసీ కూర్చోబెట్టడం మన దగ్గర కనపడుతుంది. అటకలకు, అరలకు ఆ బండ తరతరాలుగా పనికొస్తున్నది, అది నిజం. ఆ అరలకు రెండు వైపులా గోడ ఆనిక ఉంటుంది. ఒక వైపే గోడలో ఉండి రెండో వైపు గాలిలో ఉంటే బండ పైముఖం సాగాలి, రాయి సాగదు. ఇనుము విరిగే ముందు వంగి చూపిస్తుంది, బండ ఏ గుర్తూ ఇవ్వకుండా పుటుక్కున తెగుతుంది. పైగా కంప్రెసర్ అదురు రాత్రీ పగలూ దాని మీదే. కింద ఇనుప ఊతం లేకుండా బండ మీద ఏసీ వద్దు.

నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి నేలల్లో కట్టిన ఇళ్లకు ఇంకో చిక్కుంది. వానకు ఆ నేల ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది దానితో పాటు కదిలి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు వస్తాయి. బీట కొస దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. వచ్చే వానల తరువాత బీట ఆ గీత దాటిపోతే గోడ ఇంకా కదులుతోందని లెక్క. ఆ మూలన బోల్టు వెయ్యకూడదు. ఏసీ కోసం కొత్తగా గోడకు బొక్క కొట్టేటప్పుడు కూడా పైన చిన్న లింటెల్, రెండు పక్కలా అరడుగు చొప్పున గోడ మీద ఆనేట్టు వెయ్యాలి. చెక్క ఫ్రేము ఉంది కదా అంటారు. చెక్క ఫ్రేము ఏసీని మోయడానికి, పైగోడను మోయడానికి కాదు.

చివరికి సందులు. ఏసీ వెడల్పు 26 అంగుళాలు, ఎత్తు 17 అనుకుందాం. చుట్టూ అర అంగుళం సందు వదిలారు. కంటికి అది లెక్కలోకి రాదు. నాలుగు వైపులా కలిపితే 44 చదరపు అంగుళాలు. అంటే గోడలో ఆరున్నర అంగుళాలకు పైనే పొడవు, అంతే వెడల్పు ఉన్న బొక్క తెరిచి పెట్టి, 42 డిగ్రీల వడగాలిని, దుమ్మును గదిలోకి పిలుస్తున్నాం. దానికి థర్మాకోల్, అట్టముక్కలు కుక్కుతారు. థర్మాకోల్ ఒక్క ఎండాకాలానికే పొడిపొడిగా రాలుతుంది, అట్ట తొలి వానకు నానిపోతుంది. లోపలి వైపు మెత్తని రబ్బరు స్పాంజి పట్టీని ఏసీ చుట్టూ అంటించి, దాని మీద నీటికి ఓర్చే ప్లైవుడ్ పట్టీని స్క్రూలతో బిగించండి. బయటి వైపు ఫ్రేముకూ గోడకూ మధ్య సిలికాన్ పూయండి. ఏసీకీ ఫ్రేముకూ మధ్య మాత్రం సిలికాన్, సిమెంటు, ఉబ్బే ఫోము వద్దు. ఏసీని సర్వీసుకు బయటికి లాగాలి, గట్టిగా అతికిస్తే గోడ పగలగొట్టాల్సి వస్తుంది. కింది అంచున బయటి వైపు సిలికాన్‌తో పూర్తిగా మూసెయ్యకండి. వాన నీరు ఎలాగో లోపలికి దిగితే, బయటికి జారడానికి అక్కడ దారి ఉండాలి.

సందు ఎక్కడుందో తెలియాలంటే మధ్యాహ్నం మూడింటికి, బయట గాలి వీస్తున్నప్పుడు, ఏసీ ఆపి ఊదుబత్తి వెలిగించి ఫ్రేము అంచుల వెంట మెల్లగా తిప్పండి. పొగ ఉన్నట్టుండి గదిలోకి వంగిన చోట గాలి దూరుతోంది.

సందులు మూసే ఉత్సాహంలో ఏసీ పక్కల ఉన్న జల్లెడ రేకులను కూడా మూసేవాళ్లున్నారు. వెనక కాయిల్ చల్లబడడానికి గాలి ఆ పక్కల నుంచే పోతుంది. ఆ రేకులు పూర్తిగా గోడకు బయట ఉండాలి. మన రెండడుగుల రాతిగోడల్లో విండో ఏసీకి పెద్ద ఇబ్బంది ఇదే. ఏసీని గది అంచుకు సమంగా పెడితే పక్క రేకులు గోడలో మునిగి, వేడి గాలి అక్కడే తిరిగి, మధ్యాహ్నం రెండు దాటాక కంప్రెసర్ మాటిమాటికీ ఆగిపోతుంది. బయటికి జరిపితే గది వైపు గూడు ఏర్పడి చల్లగాలి ఆ గూటిలోనే తిరుగుతుంది, బ్రాకెట్ మీద బరువూ పెరుగుతుంది. అలాంటి ఇల్లు మీదైతే, ఏసీ కొనకముందే టేపు తీసుకుని గోడ మందం, ఏసీ ముందు అంచు నుంచి పక్క రేకులు మొదలయ్యే చోటి దాకా ఉన్న దూరం కొలవండి. గోడ మందం ఆ దూరం కంటే ఎక్కువగా ఉంటే ఆ గదికి విండో ఏసీ కొనకండి, స్ప్లిట్ ఏసీ గురించి ఆలోచించండి.